ఇంకు పడని చోట పసుపు

ఆ ప్రెస్సులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చేరిన వారానికే "ఎందుకమ్మ" అన్న పేరు స్థిరపడిపోయింది. రోలరు కడగమంటే "ఎందుకు, పొద్దున్నే కడిగాం కదా?" అనేది. నీళ్ళు కాస్త తగ్గించమంటే "ఎందుకు? కాస్త అంటే ఎంత?" అనేది. మెషిన్ మాస్టారు మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత అడగకముందే జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. మెషిన్ మోతలో పొడుగు పేర్లు ఎలాగూ వినపడవు కాబట్టి, పేరు పెట్టినందుకు ఆమె కూడా పెద్దగా బాధపడలేదు.

పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు మీసాలు మొలిచీ మొలవకుండా వస్తారు. ఈమె ముప్పై రెండేళ్ళ మనిషి, బడికెళ్ళే కొడుకున్న తల్లి. అంతకుముందు పిన్ని నడిపే దారాల కొట్లో కూర్చునేది. గుడ్డముక్క పట్టుకొచ్చి ఈ రంగు దారం కావాలని అడిగేవాళ్ళే రోజంతా. పిన్ని మోకాళ్ళు మొరాయించి కొట్టు మూసేశాక, చుట్టుపక్కల ఎక్కడా పని దొరక్క ఈ ప్రెస్సు తలుపు తట్టింది. భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, నెలలో ఇంటి పట్టున ఉండేది తక్కువ.

"ఈ వయసులో నేర్చుకుంటావా?" అన్నాడు యజమాని.

"నేర్చుకోకపోతే వయసు తగ్గుతుందా?" అంది ఆమె. యజమాని సరేనన్నాడు.

ఆ వారం ప్రెస్సుకి వచ్చిన ఆర్డరు గురించి అందరూ ముక్కు మూసుకుని జోకులు వేశారు. ప్రసూతి ఆస్పత్రుల నుంచి ఇంటికెళ్ళే ప్రతి బాలింత చేతిలో పెట్టే కార్డు అది. దాని మీద ఏడు గళ్ళు, ఏడు రంగులు. పసిబిడ్డ దొడ్డికి పోయినప్పుడు, ఆ రంగును ఈ గళ్ళతో పోల్చి చూడాలి. పసుపు, ఆవపిండి రంగు, గోధుమ రంగు, ఆకుపచ్చ, ఈ నాలుగూ మామూలే. మొదటి మూడు గళ్ళు మాత్రం సుద్దరంగు, బూడిద కలిసిన తెలుపు, పాలిపోయిన మీగడ రంగు. బిడ్డ మలం ఆ మూడింటిలో దేనిలా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కాలేయం నుంచి పేగుల్లోకి పైత్యరసం వెళ్ళే దారి మూసుకుపోయిందేమో చూస్తారు. అదే నిజమైతే రెండు నెలలు నిండకముందే ఆపరేషన్ జరగాలి, ఆలస్యమైతే కాలేయం పాడైపోతుంది.

"ఇన్నేళ్ళ సర్వీసులో పెళ్ళిపత్రికలు కొట్టాను, పరీక్ష పేపర్లు కొట్టాను, చివరికి దీనికొచ్చాను," అని మాస్టారు వాపోయాడు. బైండింగు గదిలో వాళ్ళు ఆ షీట్లకు పెట్టిన పేరు ఇక్కడ రాసేది కాదు.

జోకులు ఎన్ని వేసినా మాస్టారు పని మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. ఆస్పత్రి నుంచి పెద్ద నర్సమ్మ స్వయంగా వచ్చి, నమూనా షీటును మూడుసార్లు తిప్పికొట్టి, నాలుగోసారి సంతకం పెట్టింది. ఆ సంతకం ఉన్న షీటే ప్రమాణం. అచ్చయ్యే ప్రతి షీటూ దాన్ని పోలి ఉండాలి. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి వ్యాను వస్తుంది. అదే రోజు పెద్ద సభ పెట్టి, కార్డులు పంచడం మొదలుపెడతారు.

పగలంతా సగం ఆర్డరు నడిచింది. దించిన షీట్లు ఆరి, కటింగు కూడా అయిపోయి, అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. చీకటి పడ్డాక రెండో సగం మొదలైంది. ఎందుకమ్మ పని మెషిన్ తోక దగ్గర. అచ్చయి వచ్చి కుప్పగా పడే షీట్లలోంచి మధ్యమధ్య ఒకటి లాగి, భూతద్దంతో చూసి, రంగులు కొలవడానికి అంచున అచ్చేసిన రంగుపట్టీని మాస్టారుకి చూపించాలి. మెషిన్‌కి నాలుగు గదులు వరసగా ఉంటాయి. మొదటిది నలుపు, తర్వాత నీలం, ఆ తర్వాత గులాబీ, చివర పసుపు. ఒకే కాగితం ఆ నాలుగింటి కిందా దూరి బయటికొచ్చేసరికి అన్ని రంగులూ పుట్టుకొస్తాయి. ఏ గదిలో ఇంకు కాస్త ఎక్కువైనా తక్కువైనా, మొత్తం బొమ్మ ఆ రంగువైపు ఒరిగిపోతుంది.

లాగిన షీటు చూసి ఆమె ఆగింది. ఇంకొకటి లాగింది. మూడో గడినీ నాలుగో గడినీ మార్చి మార్చి చూసింది. మీగడ రంగు మూడోది, అది ప్రమాదం. లేత పసుపు నాలుగోది, అది మామూలు. రెండింటి మధ్యా పొద్దున ఒక గోడ ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆ గోడ సగం కూలినట్టు అనిపించింది.

అనిపించడానికేం, రాత్రి పూట కళ్ళు అలిసిపోతే ఏదైనా అనిపిస్తుంది. ఆమె బూడిదరంగు అట్టముక్క ఒకటి తీసుకుని, దానికి రెండు చిన్న కంతలు కోసింది. పక్కనున్న రంగులు కంటిని మోసం చేస్తాయని మాస్టారే నేర్పాడు. చుట్టూ బూడిదరంగు కప్పేసి, ఆ రెండు గళ్ళు మాత్రం కంతల్లోంచి కనబడేలా పెట్టింది. మొదట నర్సమ్మ సంతకం చేసిన షీటు మీద, తర్వాత ఇప్పుడొచ్చిన షీటు మీద. తేడా ఉంది. కొంచెమే, కానీ ఉంది. మూడో గడి పసుపెక్కింది.

వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కేసింది. నాలుగు గదులూ మూలిగి ఆగిపోయాయి.

"ఏమైంది?" మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "చెయ్యి ఇరుక్కుందా?"

"లేదు మాస్టారూ. పసుపు ఎక్కువ పోతోంది."

"ఎవరు చెప్పారు?"

"నా కళ్ళు."

మాస్టారు ముఖం ఎర్రబడింది. హెల్పరు చెయ్యి ఆ బొత్తాం మీద పడిందంటే, రంగు పట్టడం నీకు రాదని మాస్టారు ముఖాన చెప్పినట్టే. రంగు కొలిచే మీటరు తీశాడు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. దాన్ని ముందు ఖాళీ కాగితం మీద ఆనించి సున్నా చేశాడు. తర్వాత అంచున ఉన్న రంగుపట్టీలో పసుపు మీద పెట్టాడు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వరసగా కొలిచాడు. ఒక్కో అంకె వచ్చినప్పుడల్లా గట్టిగా చదివాడు. పొద్దున్నించీ వచ్చిన అంకెలే. పసుపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మెషిన్ చప్పుడు ఆగిపోవడం విని యజమాని మేడమీద గదిలోంచి దిగొచ్చాడు. బైండింగు వాళ్ళు గుమ్మంలో గుమిగూడారు.

"పసుపు ఎక్కువ పోతోందంట," అన్నాడు మాస్టారు, మీటరు అందరికీ కనబడేలా ఎత్తి. "ఇదిగో. దీని కళ్ళకంటే ఎందుకమ్మ కళ్ళు గొప్పవంట."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి. ఇంకు ఎక్కువైందని అంత ధీమాగా అన్నది తప్పేనని అంకెలు చెబుతున్నాయి. తప్పని ఒప్పుకుని పక్కకు తప్పుకుంటే ఆ పూటకి గొడవ ఉండదు.

"సరే, ఇంకు కాదు," అంది. "నేనన్నది తప్పు. కానీ రంగు మారింది. అది తప్పు కాదు."

"ఇంకు మారకుండా రంగెలా మారుద్దమ్మా?" అన్నాడు యజమాని.

"అదే నేనూ అడుగుతున్నా. ఎందుకు మారింది?"

"మొదలెట్టింది," అన్నాడు గుమ్మంలోంచి ఒకడు.

"ముందు మెషిన్ వెయ్యండి," అన్నాడు యజమాని. "తెల్లారితే వ్యాను వస్తుంది."

మాస్టారు మెషిన్ వైపు తిరిగాడు. ఆమె మాత్రం భూతద్దం పట్టుకుని మూడో గడి మీద వంగింది. లేతరంగు గడి అంటే అక్కడ ఇంకు పలచగా పరిచినట్టు ఉండదు. సన్న సన్న చుక్కలు, ఆవాలు చల్లినట్టు, దూరదూరంగా ఉంటాయి. దూరం నుంచి చూసేసరికి కన్ను ఆ చుక్కల్నీ మధ్య ఖాళీనీ కలిపేసుకుని లేతరంగు అనుకుంటుంది. ముదురు గోధుమ గడిలో అయితే చుక్కలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, ఖాళీయే ఉండదు. మూడో గడిలో చుక్కల కంటే ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీ అంతా ఏమిటి?

కాగితం.

ఆమె లేచి మెషిన్ మొదటి కొస దగ్గరికి వెళ్ళింది. అక్కడ అచ్చుకి సిద్ధంగా ఉన్న తెల్ల కాగితాల దిమ్మ. సాయంత్రం ఆమే పొరలు విడదీసి, గాలి ఊది ఎక్కించింది. ఆ దిమ్మలోంచి ఒక ఖాళీ షీటు లాగింది. చెత్తబుట్ట పక్కన పొద్దుటి షీట్ల అంచుముక్కలు ఉన్నాయి, అందులోంచి ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టింది. పైనున్న కొత్త ఎల్‌ఈడీ ట్యూబుల కింద రెండూ తెల్లగానే కనిపించాయి. చిన్న అనుమానం, అంతకు మించి లేదు.

దారాల కొట్లో ట్యూబులైటు కింద ఎవరికీ దారం అమ్మేవాళ్ళు కాదు. రీలూ గుడ్డా పట్టుకుని వీధిలోకి నడవాల్సిందే. "లోపలి వెలుగు అబద్ధాలకోరు," అనేది పిన్ని. కానీ ఇప్పుడు వీధిలో పగలెక్కడిది?

ప్రెస్సులో ఒక పెట్టె ఉంది. లోపలంతా బూడిదరంగు పూసి, పైన పగటి వెలుగుతో సమానమైన దీపాలు బిగించిన పెట్టె. రంగు చూడాల్సింది దాని కింద. వాడకం తగ్గి, ఇప్పుడు అందులో స్పానర్లూ నూనె గుడ్డలూ కాపురం ఉంటున్నాయి. ఆమె వాటన్నింటినీ రెండు చేతులతో బయటికి తోసేసింది. స్పానర్లు గచ్చు మీద మోగాయి.

"ఏం చేస్తున్నావ్?" యజమాని అరిచాడు.

"పగలు తెస్తున్నా."

దీపాలు వేసి, రెండు ఖాళీ కాగితాలూ పక్కపక్కన పరిచింది. ఇప్పుడు దాపరికం లేదు. పొద్దుటి కాగితం నీలి మెరుపు కలిసిన తెలుపు, ఉతికి ఆరేసిన చొక్కాలాగ. సాయంత్రం ఎక్కించిన కాగితం పాత దంతం రంగు.

"మాస్టారూ," అంది. "ఒక్కసారి రండి. తర్వాత ఎంతైనా తిట్టండి."

మాస్టారు వచ్చాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పొద్దుటి కాగితంలో తెలుపుని పెంచే మందు కలుపుతారని ఆయనకి తెలుసు. కంటికి కనబడని ఊదావెలుగు ఎండలో ఉంటుంది. దాన్ని తాగి ఆ మందు నీలంగా మెరుస్తుంది. ఎల్‌ఈడీ ట్యూబుల్లో ఆ వెలుగు దాదాపు ఉండదు కాబట్టి వాటి కింద ఆ మెరుపూ ఉండదు, అందుకే రెండు కాగితాలూ అక్కాచెల్లెళ్ళలా కనబడతాయి.

"మీటరు తెండి," అంది ఆమె. "ఇందాక దేని మీద సున్నా చేశారు?"

"కాగితం మీద."

"ఏ కాగితం?"

మాస్టారుకి అర్థమైంది. గిన్నె బరువు తీసేసి పాలు తూచినట్టు, ఆ మీటరు కాగితాన్ని లెక్కలోంచి తీసేసి ఇంకును మాత్రమే కొలుస్తుంది. గిన్నె మారిందని తక్కెడకి తెలియదు.

ఈసారి పొద్దుటి కాగితం మీద పెట్టి సున్నా చేశాడు. తర్వాత మీటరు ఎత్తి, సాయంత్రపు ఖాళీ కాగితం మీద ఆనించాడు. ఒక్క చుక్క ఇంకు కూడా పడని కాగితం అది. పసుపు ఉందని మీటరు చెప్పింది.

మాస్టారు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే అంకె.

"స్టోర్‌లో ఎవడ్రా ఉంది?" అని కేక వేశాడు.

స్టోరు చూసే అతను తల గోక్కుంటూ వచ్చాడు. అచ్చుకి సరిపడా కాగితం లేదని తెలిసి మధ్యాహ్నం డీలరుకి ఫోను చేశారు. అదే మందం, అదే సైజు పంపమన్నారు. డీలరు పంపాడు. పైన చుట్టిన కాగితం విప్పి పారేసి దిమ్మ ఎక్కించేశారు. ఏ మిల్లుదో ఎవరూ చూడలేదు. మందం సరిపోయింది, సైజు సరిపోయింది, ఇంకేం కావాలి?

"సరే, తెలిసిందిగా," అన్నాడు యజమాని. "పసుపు కొద్దిగా తగ్గించి కొట్టెయ్యండి."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "ఇంకు తగ్గిస్తే మిగతా నాలుగు గళ్ళూ పాడవుతాయి. ఆకుపచ్చ నీలానికి తిరుగుద్ది. పోనీ కొత్త అచ్చుప్లేటు చేసి మొదటి మూడు గళ్ళలోనే పసుపు చుక్కలు తీసేద్దామన్నా, కాగితంలో ఉన్న పసుపుని ఏం చెయ్యగలం? తెల్ల ఇంకు లేదుగా మన దగ్గర."

"అయితే ఇలాగే కొట్టండి."

ఎవరూ కదల్లేదు.

"చూడండి," యజమాని గొంతు తగ్గించాడు. "పెట్టె కింద పెట్టి, కంతల్లోంచి చూస్తే తప్ప మీకే తెలియలేదు. ఇళ్ళల్లో వాళ్ళకి ఏం తెలుస్తుంది? కస్టమరుకి తెలియదులే."

ఆ "తెలియదులే" అన్న మాట ఆయన రోజుకి పదిసార్లు అనేదే. పుస్తకం అట్ట వంకరగా అతికితే తెలియదులే, పత్రిక వెనక మరక పడితే తెలియదులే. ఎందుకమ్మ అన్నిసార్లూ విని ఊరుకుంది. ఈసారి ఆమె కార్డు అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది మనమే అచ్చేశాం, చదవండి. 'కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి' అని ఉంది. పగటి వెలుగులో ఇది ఏ రంగో ఇప్పుడే చూశారుగా. తెలియదని మీరంటున్నారే, ఆ తెలియకపోవడమే కదండీ తప్పు! బిడ్డది పాలిపోయిన రంగులో ఉంటే, మూడో గడికీ నాలుగో గడికీ తేడా తెలియక తల్లి నాలుగోదాని పక్కన పెట్టి చూస్తుంది. 'ఇలాగే ఉందిలే, మామూలే' అనుకుంటుంది. ఇంకో వారం ఆగుతుంది. ఆవిడకి తెలియకుండా చేసింది మనం."

"నాకు పాఠాలు చెప్పకు. సగం కార్డులతో వ్యాను పంపితే ఆస్పత్రి వాళ్ళు మళ్ళీ మన గడప తొక్కరు. మాస్టారూ, మెషిన్ వెయ్యండి. ఇష్టం లేనివాళ్ళు ఇంటికెళ్ళొచ్చు."

మాస్టారు మెల్లిగా నడిచి వెళ్ళి మెషిన్ వేశాడు. ఆమె ఆ వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. అంతసేపూ యజమాని మీద రాని కోపం అప్పుడు వచ్చింది. మీటరు చెప్పాక కూడానా?

పైన గోడకి నర్సమ్మ సంతకం పెట్టిన షీటు క్లిప్పుకి వేలాడుతోంది. సంతకం కింద ఆవిడ ఫోను నంబరుంది. ఎందుకమ్మ తన ఫోను తీసింది.

"ఎవరికి?" అన్నాడు యజమాని.

"పెద్ద నర్సమ్మకి."

"ఆ ఫోను చేశావంటే రేపట్నించి ఈ గడప తొక్కొద్దు."

"రేపటి సంగతి రేపు," అంది. ఆయన ముందే, ఆయన కళ్ళలోకి చూస్తూ నంబరు నొక్కింది. చాటుగా చెప్పిందని తర్వాత ఎవరూ అనకుండా స్పీకరు పెట్టింది.

నర్సమ్మ నైటు డ్యూటీలో ఉంది. వెనకాల పసిపిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి. ఎందుకమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. కాగితం మారింది, మూడో గడి పసుపెక్కింది, పొద్దుటివి బాగున్నాయి, రాత్రివి బాగాలేవు.

"మెషిన్ చప్పుడు వినబడుతోంది," అంది నర్సమ్మ. "ఇంకా కొడుతున్నారా?"

ఎందుకమ్మ ఫోనును యజమాని వైపు చాపింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. మాస్టారే వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కాడు.

"ఆపేశారు," అంది ఎందుకమ్మ.

"తెల్లారగానే నేనే వస్తాను. ఏదీ కలపకండి, ఏదీ కదపకండి," అని నర్సమ్మ పెట్టేసింది.

ఇంటికి వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదు. తను వెళ్ళగానే రాత్రివి పొద్దుటివాటిలో కలిపేస్తారేమో! అందుకని ఒక ఎర్ర మార్కరు తీసుకుని, రాత్రి కుప్ప పక్క అంచుల మీద నాలుగువైపులా పైనుంచి కిందికి అడ్డదిడ్డంగా గీతలు గీసింది. ఇప్పుడు ఆ కుప్పలోంచి ఏ షీటు లాగినా అంచున ఎర్ర చుక్క ఉంటుంది. యజమాని మేడమీదికి వెళ్ళిపోయాడు. మాస్టారు స్టూలు తెచ్చి ఆమె పక్కన వేశాడు. ఆమె కూర్చోలేదు.

"కోపమా?" అన్నాడు.

"మీరెందుకు మెషిన్ వేశారు?"

"ఎందుకంటే..." అని ఆగిపోయాడు. ఎప్పుడూ అడగకముందే జవాబు చెప్పే మనిషికి ఆ ఒక్క ప్రశ్నకి జవాబు దొరకలేదు.

తెల్లవారింది. వ్యాను వచ్చింది. నర్సమ్మ రాత్రంతా నిద్రలేని ముఖంతో దిగింది. లోపలికి కూడా రాకుండా, షీట్లు బయటికి తెమ్మంది. వ్యాను ముందు భాగం మీద మూడు షీట్లు పరిచారు. సంతకం ఉన్నది, పొద్దుటిది, రాత్రిది. దీపాల పెట్టె అక్కర్లేకుండానే వీధిలో చెత్త ఊడుస్తున్నావిడ కూడా ఆగి చూసి, "ఆ మూడోది మాసిపోయిందేం?" అంది.

నర్సమ్మ ఆ మూడోదాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది.

"మా వాళ్ళు కనిపెట్టి వెంటనే ఆపేశారు మేడమ్," అన్నాడు యజమాని, ముందుకు జరిగి. "క్వాలిటీ విషయంలో మేము అసలు రాజీపడం."

"మేము కాదు," అంది ఎందుకమ్మ వెనక నుంచి. "నేను. ఆయన కొట్టెయ్యమన్నారు. ఫోను చేస్తే పనిలోంచి తీసేస్తానన్నారు."

నర్సమ్మ ఇద్దరి వైపూ చూసింది. మెచ్చుకుంటుందేమోనని ఎవరైనా అనుకుని ఉంటే, ఆవిడకి అంత ఓపిక లేదు.

"మీ పంచాయితీ మీరు తేల్చుకోండి," అంది విసుగ్గా. "కాగితం సాయంత్రం మారితే రాత్రి ఫోనా? ఎక్కించేటప్పుడే చూసుకోవద్దా?" ఆ మాట ఎందుకమ్మకి కూడా తగిలింది. ఆ దిమ్మకి గాలి ఊదింది తన చేతులే కదా. "మంచివి సగం ఇచ్చెయ్యండి. సభ వాటితో కానిస్తాం. మిగతా సగం ఇదే తెల్ల కాగితం మీద వారంలో రావాలి. ఈ పాడైనవి నా కళ్ళముందే కోసెయ్యండి. ఒక్కటి బయటికొచ్చినా ఊరుకోను."

కటింగు మెషిన్ కత్తి కింద రాత్రి కుప్ప రిబ్బన్లుగా రాలింది. నర్సమ్మ చివరి కట్ట దాకా నిలబడి చూసి, పెట్టెలు ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

"నువ్వింక రావక్కర్లేదు," అన్నాడు యజమాని, వ్యాను మలుపు తిరగ్గానే.

ఇంట్లో అత్త కాళ్ళు చాపుకుని మనవడి బడి చొక్కాకి బొత్తాం కుడుతోంది. కోడలు చెప్పిందంతా విని, దారం పళ్ళతో కొరికి, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటికి ఊళ్ళో ఎక్కడా పని దొరకదు," అంది.

"అయితే నేను చేసింది తప్పంటావా అత్తా?"

"తప్పని నేనన్నానా? నీ నోరన్నాను." అత్త సూది దిండులో గుచ్చింది. "వాడు పొమ్మంటే వచ్చేశావా? కాగితం ఇచ్చాడా?"

"ఏ కాగితం?"

"ఎందుకు తీసేశాడో రాసిన కాగితం. రేపు వెళ్ళి అడుగు. ఊరికే నోటిమాటకి వచ్చేస్తారా ఎవరైనా?"

మర్నాడు ఆమె ఎప్పటివేళకే వెళ్ళి మేడ మెట్లెక్కింది.

"నన్ను తీసేసినట్టు రాసివ్వండి. కారణం కూడా రాయండి."

యజమాని పెన్ను తీశాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. "పనిలో..." అని రాసి ఆగాడు. ఏం రాస్తాడు? పనిలో నిర్లక్ష్యమా? నిర్లక్ష్యం ఎవరిదో నర్సమ్మకి తెలుసు. మాట వినలేదనా? ఏ మాట? ఆమె బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది, రాసేదాకా కదిలేది లేదన్నట్టు.

"నీకు పొగరు," అన్నాడు చివరికి.

"అదే రాయండి. పొగరని రాయండి. ఎందుకొచ్చిందో కింద నేను రాసుకుంటాను."

ఆయన కాగితం ఉండచుట్టి బుట్టలో పడేశాడు. "పో, కింద షీట్లు లెక్కపెట్టు. మెషిన్ దగ్గరికి వెళ్ళావో చూడు!"

రెండు రోజులు లెక్కపెట్టింది. మూడోరోజు తెల్ల కాగితం వచ్చింది. లారీ దగ్గరే చుట్టు విప్పించి, ఒక షీటు దీపాల పెట్టెలో పెట్టి చూసి గానీ దింపనివ్వలేదు మాస్టారు. డీలరు మనిషి గొణుక్కున్నాడు. దిమ్మ ఎక్కించే వేళకి మాస్టారు మేడమీదికి వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు, గొంతులు మాత్రం కిందిదాకా వినిపించాయి. దిగొచ్చి, "రా, తోక దగ్గర నిలబడు," అన్నాడు ఎందుకమ్మతో. అంతే, ఇంకే క్షమాపణా చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు గానీ, మరిచిపోనూ లేదు.

మెషిన్ మొదలైంది. మొదటి షీట్లు ఎప్పటిలాగే అటూ ఇటూ ఊగి, మెల్లిగా కుదురుకున్నాయి. మాస్టారు ఒకటి లాగి, కొలిచి, పెట్టెలో పరిచి, పెన్ను ఆమె వైపు చాచాడు.

"సరే అనుకుంటే సంతకం పెట్టు. దీని మీద నీదే ఉండాలి."

బైండింగు వాళ్ళు గుమ్మంలోంచి చూస్తున్నారు. మేడ మెట్ల మీద యజమాని బూట్లు కనిపిస్తున్నాయి. ఆమె పెన్ను తీసుకుంది, షీటు మీదికి వంగింది, మొదటి గడి నుంచి వరసగా చూసుకుంటూ వచ్చింది. ఏడో గడి దగ్గర ఆగింది.

"ఆగండి," అంది. "ఆకుపచ్చ కాస్త నీలానికి తిరిగింది."

మాస్టారు తల పట్టుకున్నాడు. మెట్ల మీద బూట్లు గిరుక్కున తిరిగి పైకి వెళ్ళిపోయాయి.

"కాస్త అంటే ఎంతమ్మా?" అన్నాడు మాస్టారు.

"నాకు నచ్చనంత," అని, ఆమె పెన్ను చెవి మీద పెట్టుకుని మీటరు అందుకుంది.